మార్చి 31న రావాల్సిన 48 లక్షలు: అందులో ఎంత రాదు, మిగతాది ఎన్ని రోజులు లేటు

బెంగళూరు పీణ్యలో అట్టపెట్టెలు చేసే ఒక చిన్న యూనిట్ అనుకుందాం. ఓనరు అనంతపురం వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మనిషి, అకౌంట్స్ చూసేది హిందూపురం కుర్రాడు, సరుకు పోయేది బొమ్మసంద్ర, జిగణి, దొబ్బాస్‌పేట వైపు ఫ్యాక్టరీలకి. ఏడాదికి జీఎస్టీతో కలిపి 2 కోట్ల 40 లక్షల అమ్మకం, అంతా అప్పు మీదే, అందరికీ 45 రోజుల గడువు. మార్చి 31న పార్టీల దగ్గర నుంచి రావాల్సింది 48 లక్షలు. అంకెలు ఉదాహరణ కోసం కట్టినవే, కానీ ఈ సైజు యూనిట్ల లెడ్జర్ చూసినవాళ్లకి ఈ ఆకారం కొత్తగా అనిపించదు.

ఇక్కడ రెండు ప్రశ్నలు. ఈ 48 లక్షల్లో రాకుండా పోయేది ఎంత? వచ్చేది గడువు దాటాక సగటున ఎన్ని రోజులకి వస్తుంది? చాలా చోట్ల మొదటిదానికి ఏటా వేసే 5 శాతమే మళ్లీ వేసేస్తారు, అంటే రాకపోవచ్చని లాభంలోంచి ముందే పక్కన పెట్టే ప్రావిజన్ 2 లక్షల 40 వేలు. రెండోదానికి 48ని 240తో భాగించి 365తో గుణించి 73 రోజులు అని రాసేస్తారు. రెండూ తప్పుదారి పట్టించే అంకెలే, పైగా రెండింటికీ సరైన జవాబు ఒకే టేబుల్‌లో ఉంటుంది, అదే ఏజింగ్ టేబుల్, అంటే బాకీలు ఎన్ని రోజుల పాతవో చూసి వరుసలుగా విడదీసిన పట్టిక. దాన్ని శుభ్రంగా కట్టడం, కట్టాక అమ్మకంతో పక్కపక్కన పెట్టి చదవడం, పని మొత్తం ఈ రెండే.

ముందు రోజులు ఎక్కడ నుంచి లెక్కపెట్టాలన్నది తేల్చుకోవాలి. ట్యాలీలో బిల్లు తేదీ నుంచీ చూడొచ్చు, డ్యూ డేట్ నుంచీ చూడొచ్చు, చాలామంది బిల్లు తేదీ దగ్గరే ఆగిపోతారు. ఒక పార్టీకి 30 రోజుల గడువు, ఇంకో పార్టీకి 60 రోజులు ఇచ్చారనుకోండి, ఇద్దరి బిల్లులూ 50 రోజుల పాతవే అయితే బిల్లు తేదీ లెక్కలో ఇద్దరూ ఒకే వరుసలో కూర్చుంటారు, కానీ మొదటివాడు 20 రోజులు లేటు, రెండోవాడికి ఇంకా పది రోజులు టైముంది. అందుకని వసూలు కోసమైనా, ప్రావిజన్ కోసమైనా డ్యూ డేట్ దాటిన రోజులే లెక్క. కంపెనీల బ్యాలెన్స్ షీట్‌లో 2021 ఏప్రిల్ 1 నుంచి చూపించాల్సిన ఏజింగ్ కూడా డ్యూ డేట్ నుంచే, కాకపోతే అందులో మొదటి వరుసే ఆరు నెలల లోపు అని ఉంటుంది, ఇట్లాంటి వ్యాపారంలో కథ మొత్తం ఆ ఆరు నెలల లోపలే జరిగిపోతుంది కాబట్టి ఆ షెడ్యూల్ చూసి వసూలు గురించి తెలిసేది ఏమీ ఉండదు.

ఎక్సెల్‌లో చేసుకునేవాళ్లు ఒక సెల్‌లో మార్చి 31 పెట్టుకుని, డ్యూ డేట్ ఉన్న కాలమ్‌ని దానిలోంచి తీసేస్తే చాలు:

```
=MAX(0,$H$1-E2)
```

సున్నా వస్తే గడువు ఇంకా దాటలేదని అర్థం.

అసలు ఇబ్బంది దీని తర్వాత మొదలవుతుంది. మన యూనిట్‌లో మొదటిసారి రిపోర్ట్ తీసినప్పుడు పెండింగ్ బిల్లులు 52 లక్షలు, 90 రోజులు దాటినవే 9 లక్షల 50 వేలు కనిపించాయి. ఓనరుకి గుండె ఆగినంత పనైంది. కింద చూస్తే `On Account` అని 4 లక్షలు విడిగా పడి ఉన్నాయి. "ఏందిది?" అంటే "అన్నా, వాళ్లు లంప్‌గా వేశారు, ఏ బిల్లుకో చెప్పలేదు, నేనట్లే పెట్టేశా" అన్నాడు కుర్రాడు. రసీదు ఎంట్రీ వేసేటప్పుడు `Agst Ref` పెట్టి బిల్లు ఎంచుకోకపోతే డబ్బు వచ్చినా పాత బిల్లు తెరిచే ఉంటుంది, మొత్తం బ్యాలెన్స్ మాత్రం కరెక్టుగా 48 లక్షలే చూపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆ 4 లక్షలు చెందిన బిల్లులకి సర్దాక 90 దాటినవి 5 లక్షల 50 వేలకి దిగాయి.

సర్దడంలోనూ ఒక ఉచ్చు ఉంది, ఇది చాలామంది గమనించరు. ఏ బిల్లుకో తెలియనప్పుడు అన్నిటికంటే పాత బిల్లుకి కొట్టేయడం అలవాటు. బొమ్మసంద్రలో ఒక పార్టీ వానాకాలంలో వెళ్లిన 1 లక్ష 20 వేల బిల్లు ఆపేసింది, పెట్టెలు తేమ పట్టి స్టాక్ పెట్టగానే కుంగిపోయాయని వాళ్ల మాట. కానీ ఆ తర్వాత కొన్న ప్రతి బిల్లుకీ టైమ్‌కి డబ్బులు వేస్తున్నారు. వచ్చిన డబ్బుని పాత బిల్లుకి కొట్టేస్తే ఏమవుతుంది? గొడవలో ఉన్న బిల్లు పుస్తకాల్లోంచి మాయమైపోతుంది, దాని బదులు మొన్న మొన్నటి మంచి బిల్లు ఒకటి పది రోజుల లేటుగా కూర్చుంటుంది. ప్రతి నెలా ఇదే జరుగుతూ పోతే ఆ లక్షా ఇరవై వేలు ఎప్పటికీ పాతబడదు, ఎప్పుడు చూసినా కొత్త బాకీలాగే కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది, వచ్చిన మొత్తం రూపాయితో సహా ఏదో ఒక కొత్త బిల్లుకో, రెండు కొత్త బిల్లుల కూడికకో సరిపోతుంటే పార్టీ పాతదాన్ని కావాలనే పక్కన పెట్టినట్టు. టీడీఎస్ పట్టుకునే పార్టీ అయితే అది తీసేసి చూడాలి. పార్టీ పంపే పేమెంట్ అడ్వైజ్ మెయిల్ ఉంటే ఇంకా మంచిది, లేకపోతే వాళ్ల అకౌంట్స్‌కి ఫోన్ చేసి అడగాల్సిందే, ఊహించి కొట్టకూడదు.

అట్లా సర్దాక మార్చి 31 టేబుల్ ఇది, గడువు దాటిన రోజుల ప్రకారం:

| గడువు దాటిన రోజులు | బాకీ, లక్షల్లో |
|---|---|
| ఇంకా దాటలేదు | 22.0 |
| 1 నుంచి 30 | 11.0 |
| 31 నుంచి 60 | 6.0 |
| 61 నుంచి 90 | 3.5 |
| 91 నుంచి 180 | 3.0 |
| 180 పైన | 2.5 |

ఇప్పుడు ఒక్కో వరుసకి ఎంత శాతం వేయాలి అన్న ప్రశ్న. పక్కింటి యూనిట్ వేసే శాతాలో, ఏదో పుస్తకంలో ఉన్న శాతాలో తెచ్చి పెట్టడం తేలికే కానీ వాటికీ ఈ పార్టీలకీ సంబంధం లేదు. మన పుస్తకాల్లోంచే తీయొచ్చు, పెద్ద కష్టం కూడా కాదు. రెండేళ్ల కిందటి ఒక పూర్తి ఏడాది బిల్లులు తీసుకోవాలి, మరీ కొత్తవి తీసుకుంటే చివరికి ఏమయ్యాయో ఇంకా తెలియదు కాబట్టి. ఒక్కో బిల్లుకీ డ్యూ డేట్ పక్కన డబ్బు వచ్చిన తేదీ పెట్టుకుని, ప్రతి నూరు రూపాయల అమ్మకంలో ఏ రోజుకి ఎంత మిగిలి ఉందో చూడాలి.

మన యూనిట్‌లో వచ్చింది ఇట్లా: నూరు రూపాయలకి సరుకు పంపితే 54 రూపాయలు గడువులోపే వచ్చేశాయి, 46 గడువు దాటాయి. దాటిన 30 రోజులకి 22 మిగిలాయి, 60 రోజులకి 10, 90 రోజులకి 5, 180 రోజులకి 2. ఆ రెండిట్లో ఒక రూపాయి ఆలస్యంగానైనా వచ్చింది, ఒక రూపాయి రానే లేదు.

శాతాలు దీంట్లోనే దాగి ఉన్నాయి. చివరికి పోయేది ఒక రూపాయే, కానీ అది ఎంతమందిలో ఒకటి అన్నది వరుస వరుసకీ మారుతుంది. గడువు దాటని బాకీకి నూటికి ఒకటి, 1 శాతం. 1 నుంచి 30 వరుసలోకి అడుగుపెట్టింది 46 కాబట్టి 46లో ఒకటి, 2.2 శాతం. 31 నుంచి 60కి 22లో ఒకటి, 4.5 శాతం. తర్వాత పదిలో ఒకటి అంటే 10 శాతం, ఐదులో ఒకటి అంటే 20, రెండులో ఒకటి అంటే 50. ఎవరి సలహా అక్కర్లేదు, మన పార్టీల నడవడికే ఈ అంకెలు చెప్పింది. ఇండ్ ఏఎస్ 109 అనే అకౌంటింగ్ ప్రమాణం పాటించే పెద్ద కంపెనీలు ప్రావిజన్ మ్యాట్రిక్స్ అని చేసేది కూడా ఇదే పద్ధతి, వాళ్లు దానికి రాబోయే పరిస్థితుల అంచనా కూడా కలపాలి, అంతే.

శాతాలు గుణించే ముందు 180 పైన ఉన్న 2 లక్షల 50 వేలు విడదీయాలి, ఎందుకంటే సగటు శాతం అనేది పేరు తెలియని గుంపుకి పనికొస్తుంది గానీ కథ తెలిసిన బాకీకి కాదు. అందులో 60 వేలు షట్టర్ దించేసి వెళ్లిపోయిన ఒక గార్మెంట్ యూనిట్‌ది, అది నూటికి నూరు పోయినట్టే. 1 లక్ష 20 వేలు పైన చెప్పిన తేమ పెట్టెల గొడవ. మిగిలిన 70 వేలు మామూలు ఆలస్యం.

గొడవ బిల్లుని అనుమానపు బాకీల్లో కలపకూడదు అనేది గట్టిగా పట్టుకోవాల్సిన విషయం. ఆ పార్టీకి డబ్బు లేక ఆపలేదు, సరుకు బాగాలేదని ఆపింది. సగానికి రాజీ కుదిరేట్టు ఉంటే 60 వేలకి క్రెడిట్ నోట్ ఇవ్వాల్సి వస్తుంది, అది అమ్మకంలో తగ్గుదల, బాకీ మునగడం కాదు. పేరు తేడా ఒక్కటే కాదు, డబ్బు తేడా కూడా ఉంది: క్రెడిట్ నోట్‌ని అమ్మకం జరిగిన ఆర్థిక సంవత్సరం తర్వాత వచ్చే నవంబర్ 30లోపు, లేదా ఆ ఏడాది వార్షిక రిటర్న్ వేసే తేదీ ముందైతే ఆ తేదీలోపు, రిటర్న్‌లో చూపించి, పార్టీ తన వైపు క్రెడిట్ వెనక్కి ఇస్తే కట్టిన జీఎస్టీ ఆ మేరకు తగ్గించుకోవచ్చు. అదే బాకీ మునిగిపోతే కట్టిన జీఎస్టీ తిరిగి రాదు, మన జీఎస్టీలో మొండి బాకీకి అట్లాంటి వెసులుబాటు లేదు. గొడవని తేల్చకుండా ఏళ్ల తరబడి ఏజింగ్‌లో ఉంచితే ఈ గడువు కూడా దాటిపోతుంది.

ఇక లెక్క. గడువు దాటని 22 లక్షలకి 1 శాతం అంటే 22 వేలు. 11 లక్షలకి 2.2 శాతం, 24 వేల చిల్లర. 6 లక్షలకి 4.5 శాతం, 27 వేలు. మూడున్నర లక్షలకి 10 శాతం, 35 వేలు. 3 లక్షలకి 20 శాతం, 60 వేలు. మామూలు ఆలస్యం 70 వేలకి సగం, 35 వేలు. షట్టర్ దించిన పార్టీ 60 వేలు పూర్తిగా. కలిపితే 2 లక్షల 63 వేలు, క్రెడిట్ నోట్ కోసం ఉంచే 60 వేలు దీనికి బయట.

5 శాతం వేసి ఉంటే 2 లక్షల 40 వేలు వచ్చేది, పెద్ద తేడా లేదు కదా అనిపిస్తుంది. ఇక్కడ ఆగిపోతే నిజమే. కానీ ఈ శాతాలు రెండేళ్ల కిందటి నడవడికవి, ఇప్పుడూ పార్టీలు అట్లాగే కడుతున్నాయా అని చూడకుండా వాడటం తప్పు. చూడటానికి దారి ఆ పాత వరుసలోనే ఉంది.

నెలకి సుమారు 20 లక్షల అమ్మకం. పాత పద్ధతిలో నూటికి 46 గడువు దాటి, 30 రోజులకి 22కి తగ్గేవి, అంటే ఆ వరుసలో సగటున 34 ఉండేవి. 20 లక్షల మీద అది 6 లక్షల 80 వేలు. ఇప్పుడు ఉన్నది 11 లక్షలు. రెండో వరుసలో 22కీ 10కీ మధ్య 16, అంటే 3 లక్షల 20 వేలు ఉండాలి, ఇప్పుడు 6 లక్షలు. మూడో వరుసలో లక్షన్నర ఉండాల్సిన చోట మూడున్నర. ప్రతి వరుసా ఉబ్బి ఉంది. అంటే డబ్బు రావడం నెమ్మదించింది, కానీ పాత శాతాలకి ఆ సంగతి తెలియదు.

ఇదే టేబుల్ రెండో ప్రశ్నకి కూడా జవాబు చెప్పేది ఇక్కడే. 180 రోజుల లోపు గడువు దాటిన బాకీలు కూడితే 11, 6, 3.5, 3 కలిపి 23.5 లక్షలు. నెలకి 20 లక్షలు గడువుకి వస్తున్నప్పుడు గడువు దాటి 23.5 లక్షలు నిలిచి ఉందంటే నెల మీద కొంచెం, సుమారు 35 రోజుల అమ్మకం ఎప్పుడూ ఆలస్యంలో ఇరుక్కుని ఉన్నట్టు. తొట్టిలో నీళ్ల లెక్క లాంటిదే ఇది, రోజుకి ఎంత వచ్చి చేరుతుందో, తొట్టిలో ఎంత నిలిచి ఉందో తెలిస్తే ఒక్కో బిందె సగటున ఎన్ని రోజులు ఉంటోందో తెలిసిపోతుంది. పాత పద్ధతికి ఇదే లెక్క చేస్తే, నూరు రూపాయలకి మొదటి 30 రోజులు సగటున 34, తర్వాతి 30 రోజులు 16, ఆ తర్వాతి 30 రోజులు 7.5, చివరి 90 రోజులు 3.5, వీటిని రోజులతో గుణించి కూడి నూరుతో భాగిస్తే 20 రోజులు వస్తుంది. అంటే గడువు దాటాక సగటు ఆలస్యం 20 రోజుల నుంచి 35 రోజులకి పెరిగింది. రూపాయల్లో చెప్పాలంటే ఆలస్యంలో 13 లక్షల 60 వేలు ఉండాల్సిన చోట 23 లక్షల 50 వేలు ఉంది, అదనంగా ఇరుక్కున్న దాదాపు 10 లక్షలు బ్యాంకు ఓడీ నుంచి తెచ్చి నడపాల్సిందే, 11 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి లక్షా పది వేలు. ప్రావిజన్‌లో తేడా కంటే ఇదే ఎక్కువ నొప్పి.

మరి ఆ 73 రోజులు ఎందుకు తప్పు? మార్చిలో ఇయర్ ఎండ్ డిస్పాచ్ వల్ల 30 లక్షల అమ్మకం జరిగింది, ఫిబ్రవరిలో 18 లక్షలు. వెనక్కి లెక్కపెడితే మార్చి 31 రోజులు, ఫిబ్రవరి 28 రోజులు కలిపితేనే 48 లక్షలు సరిపోయాయి, అంటే 59 రోజులు. ఏడాది సగటుతో 73, వెనక నుంచి లెక్కపెడితే 59, అదే రోజు, అదే 48 లక్షలు. మార్చి అమ్మకం పెరిగినా తగ్గినా ఈ అంకెలు ఊగిపోతాయి, పార్టీలు కట్టే తీరు ఏమాత్రం మారకపోయినా సరే. పైగా ఇవి గడువు ఇచ్చిన రోజుల్నీ, గడువు దాటిన రోజుల్నీ కలిపేసి చూపిస్తాయి. 45 రోజులు మనమే ఇచ్చాం, దానికి పార్టీని తప్పుపట్టలేం.

వచ్చిన బిల్లుల సగటు తీస్తాం అనేవాళ్లు కూడా ఉన్నారు, అందులో ఉన్న లోపం ఒక చిన్న ఉదాహరణతో తెలుస్తుంది. లక్ష బిల్లు 40 రోజులకి, 50 వేల బిల్లు 50 రోజులకి, రెండున్నర లక్షల బిల్లు 75 రోజులకి వచ్చాయి. మామూలుగా సగటు తీస్తే 55 రోజులు, రూపాయల బరువుతో తీస్తే 63. పెద్ద బిల్లే ఎక్కువ ఆగింది కాబట్టి రెండోదే నిజానికి దగ్గర. కానీ అదే పార్టీ దగ్గర ఇంకో లక్ష బిల్లు 200 రోజులుగా రాలేదు, అది ఏ సగటులోనూ లేదు, రాని బిల్లుకి వచ్చిన తేదీ ఉండదు కదా. దాన్ని ఇప్పటిదాకా అయిన 200 రోజులతో కలిపితే 90 దాటుతుంది, అది కూడా కనీసం మాత్రమే. రాని బిల్లుల్ని వదిలేసే సగటు ఎప్పుడూ ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది, పార్టీలు ఎంత చెడితే అంత ఎక్కువగా మోసం చేస్తుంది.

మళ్లీ ప్రావిజన్‌కి వద్దాం. ఎంత పెంచాలి అన్నది ఊహతో కాకుండా ఇటీవలి నెలల్లో ఒక వరుసలోని బాకీ రాకుండా తర్వాతి వరుసలోకి ఎంత జారుతోందో చూసి చెప్పొచ్చు. ఫిబ్రవరి నెలాఖరుకి 31 నుంచి 60 వరుసలో 5 లక్షల 60 వేలు ఉంది, అదే మార్చి నెలాఖరుకి 61 నుంచి 90 వరుసలో మూడున్నర లక్షలుగా మిగిలింది, అంటే నూటికి 62. పాత పద్ధతిలో 16లో 7.5, నూటికి 47 మిగిలేది. మూడోవంతు ఎక్కువ జారుతోంది. ఆ మెట్టు ఇంకా దాటని మొదటి మూడు వరుసల ప్రావిజన్, 73 వేలు, మూడోవంతు పెంచితే 24 వేలు కలిసి మొత్తం 2 లక్షల 87 వేలు అవుతుంది. ఒక్క నెల జారుడు చూసి పెంచడం కాస్త తొందరే, మూడు నెలలు వరసగా అట్లాగే ఉంటే మాత్రం పెంచకపోవడానికి సాకు లేదు.

ఈ ప్రావిజన్ లాభంలోంచి తగ్గుతుంది గానీ ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఖర్చుగా ఒప్పుకోరు, పుస్తకాల్లో బాకీని నిజంగా రైటాఫ్ చేసినప్పుడే ఒప్పుకుంటారు. అప్పుడు అది మునిగిందని వేరే రుజువు చూపక్కర్లేదని టీఆర్ఎఫ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని షట్టర్ దించిన పార్టీ 60 వేలని ప్రావిజన్‌లో ఉంచడం కంటే మార్చి 31 లోపే రైటాఫ్ చేస్తే ఆ ఏడాదికే పన్ను తగ్గుతుంది.

91 నుంచి 180 వరుసలో ఉన్న 3 లక్షల మీద మాత్రం చేయి వేయడానికి ఇంకా టైముంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే కొన్న పార్టీ తాను వాడుకున్న జీఎస్టీ క్రెడిట్‌ని వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. గడువు 45 రోజులు కాబట్టి గడువు దాటిన 135వ రోజుకి ఆ 180 నిండుతాయి. ఈ వరుసలో 120 రోజుల దగ్గర ఉన్న బిల్లులకి పార్టీ అకౌంట్స్‌కి ఆ తేదీ రాసి మెయిల్ పెడితే, ఓనరు పది ఫోన్లు చేసినా కదలని ఫైలు కదలొచ్చు. యూనిట్‌కి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే ఇంకో పట్టు కూడా ఉంది, 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ నెల నెలా చక్రవడ్డీగా పడుతుంది. ఒప్పందం కాగితం మీద లేకపోతే గడువు 45 కాదు, 15 రోజులే. నోటిమాట మీద 45 రోజులు ఇచ్చిన పార్టీలకి ఏజింగ్ టేబుల్‌లో డ్యూ డేట్ ఏది పెట్టాలన్నది అప్పుడు ఇంకో చర్చ, కనీసం పీవో మీద గడువు రాసి ఉందా లేదా అన్నది ఒక కాలమ్‌గా పెట్టుకోవడం మంచిది.

180 పైన వరుసకి ఇంకో గడియారం ఉంది, సరుకు డబ్బు కోసం దావా వేయడానికి మామూలుగా మూడేళ్లు. ఆ లోపు పార్టీ సంతకంతో బాకీ ఒప్పుకున్న కాగితం వస్తే మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. మార్చి 31కి ఎట్లాగూ బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్లు పంపుతారు, ఈ వరుసలో ఉన్న పార్టీలవి సంతకంతో వెనక్కి వచ్చాయో లేదో ఒక్కటొక్కటిగా సరిచూసుకోవాలి.

వచ్చే మార్చి 31న మళ్లీ టేబుల్ కట్టేటప్పుడు కొత్త అంకెలకంటే ముందు ఈ పాత టేబుల్ తెరవాలి. ఈ 48 లక్షల్లో ఏడాది తర్వాత కూడా రానివి ఎంత, రైటాఫ్ అయినవి ఎంత, 2 లక్షల 87 వేలకి అది దగ్గరగా ఉందా, ఏ వరుసలో అంచనా తప్పింది. 61 నుంచి 90 వరుసకి 10 శాతం వేస్తే 20 శాతం పోయి ఉంటే, వచ్చే ఏడాది ఆ వరుస దగ్గర వేయాల్సిన శాతం అదే చెబుతుంది.